పిల్లలు తల తిప్పని ప్రకటన

ఒదెట్ బ్రియాండ్ ఏం పని చేస్తుందో ఆమె తల్లికి చివరిదాకా సరిగ్గా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి టీవీకి బొమ్మల ప్రకటనలు రాస్తుంది. కాకపోతే పిల్లలు చూడకుండా రాస్తుంది" అని చెప్పి తనే నవ్వేసేది. అడిగినవాళ్ళు కూడా మర్యాదకి నవ్వేవారు. కానీ ఒదెట్ ఇరవై నాలుగేళ్ళుగా చేస్తున్న పని ఆ మాటలో ఉన్నంత సూటిగా ఇంకెక్కడా లేదు.

ఒదెట్ తొమ్మిదో ఏట వరకు మాంట్రియాల్లో అందరు పిల్లల్లాగే శనివారం పొద్దున టీవీ ముందు నేలమీద కూచుని బొమ్మల ప్రకటనలు చూసింది. అందులో నడిచే బొమ్మ ఒకటి ఉండేది. తల్లి తెరెజ్ షబనెల్ వీధిలోని కుట్టు కార్ఖానాలో కోట్లకి చేతులు కుట్టేది. ఆ బొమ్మ కావాలని ఒదెట్ ఆమె వెంట నెలన్నర పడింది. అన్నం దగ్గర అడిగింది, బస్సులో అడిగింది, చర్చిలో మోకాళ్ళ మీద ఉండగా కూడా గుసగుసగా అడిగింది. చివరికి బొమ్మ వచ్చింది. ప్రకటనలో నున్నటి నేలమీద నడిచిన బొమ్మ, వాళ్ళ వంటింటి అతుకుల నేలమీద రెండడుగులు వేసి ముక్కు మీద పడింది. ఒదెట్‌కి బొమ్మ పడ్డం పెద్దగా గుర్తులేదు. దాన్ని నిలబెట్టడానికి నేలమీద వంగి, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించిన తల్లి వీపు గుర్తుంది.

ఆ మరుసటి వసంతంలో ప్రకటనలు ఆగిపోయాయి. పదమూడేళ్ళలోపు పిల్లల్ని ఉద్దేశించి ఎవరూ ఏదీ ప్రకటించకూడదని వాళ్ళుండే కెబెక్ రాష్ట్రంలో చట్టం వచ్చింది. పిల్లలకి చట్టాల సంగతి ఎవరు చెప్తారు? ఒదెట్ టీవీ చెడిపోయిందనుకుంది, పక్కన రెండు దెబ్బలు కూడా వేసి చూసింది. సరిహద్దు అవతలి అమెరికా ఛానెల్ ఎవరి ఇంట్లో పడుతుందో వాళ్ళకి బడిలో గొప్ప హోదా వచ్చింది. వాళ్ళ ఇంట్లో అది పడేది కాదు.

పెద్దయ్యాక ఆమె ఇదే పనిలోకి రావడం అనుకుని జరిగింది కాదు. సెన్-లోరాన్ వీధిలో మూడో అంతస్తులో ఉన్న చిన్న ప్రకటనల సంస్థలో టైపింగు పనికి చేరింది. బొమ్మల కంపెనీల పని వస్తే అక్కడి రచయితలు ముఖం చిట్లించేవాళ్ళు. బొమ్మని అమ్మాలి, కానీ బొమ్మతో ఆడుకునేవాణ్ణి పిలవకూడదు. పాట వద్దు, కార్టూను వద్దు, గంతులు వద్దు. మరేం రాయాలి? ఆ కాగితాలు ఒక్కొక్కటిగా ఆమె బల్ల మీదికి జారాయి. తల్లి వీపు గుర్తున్న మనిషి కాబట్టి ఆమెకి ఎవరితో మాట్లాడాలో తెలుసు.

చట్టం అడిగేవి మూడు సంగతులు. వస్తువు ఏమిటి, ఎవరి కోసం తయారైంది? దాన్ని ఎలా చూపిస్తున్నారు? ఎప్పుడు, ఎక్కడ చూపిస్తున్నారు? బొమ్మ విషయంలో మొదటిదానికి జవాబు ముందే ఓడిపోయి ఉంటుంది, బొమ్మ పిల్లలదే. కనుక మిగతా రెండూ గట్టిగా నిలబడాలి. పిల్లలు ఎక్కువగా చూసే కార్యక్రమాల దరిదాపుల్లోకి పోకూడదు. అలాగని రాత్రి వార్తల్లో వేశాం కదా అని చేతులు దులుపుకోవడమూ కుదరదు. పెద్దల వేళ అన్నంత మాత్రాన అది పెద్దల ప్రకటన అయిపోదని చట్టంలోనే రాసి ఉంది. వార్తలు నడిచే గదిలో నేలమీద పిల్లలుంటారని చట్టం రాసినవాళ్ళకి తెలుసు.

ఒదెట్ స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచేది. ఎడమ పక్క కనిపించేది, కుడి పక్క వినిపించేది. ఎడమ పక్కన పిల్లల ముఖాలు ఉండవు. పెద్దవాళ్ళ చేతులు, మోకాళ్ళు, సాయంత్రం వెలుగులో వంటిల్లు ఉంటాయి. కుడి పక్కన పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడే మాటలుంటాయి. ఎన్నేళ్ళ వయసుకి పనికొస్తుంది, ఏ కర్రతో చేశారు, విరిగితే ముక్క దొరుకుతుందా, ఇంట్లో ఎంత చోటు పడుతుంది. పూర్తయిన కాగితం వకీలు చదివేవాడు, తర్వాత ఛానెల్ వాళ్ళు చదివేవాళ్ళు. ఆ ఇద్దరి కంటే ఆమె ఎక్కువగా నమ్మే పరీక్ష మరొకటి ఉంది. ఏ చట్టమూ అడగని పరీక్ష, ఆ ఆఫీసు అలవాటు.

బడిలో టీచర్లకి పని ఉండి పిల్లలకి సెలవిచ్చే శుక్రవారాలు కొన్ని ఉంటాయి. ఆ రోజు ఆఫీసులో తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు. తలుపు దగ్గర చిన్న చిన్న మంచు బూట్లు వరసగా నీళ్ళు కారుస్తూ ఉంటాయి. పెద్ద గదిలో చాప పరిచి, చెక్క దిమ్మలూ రంగు పెన్సిళ్ళూ వేస్తారు. తల్లిదండ్రులు ముందే సంతకం పెట్టి ఒప్పుకున్నాక, పూర్తికావస్తున్న ప్రకటనని ఆ గది గోడ మీద ఒకసారి నడిపిస్తారు. ఎవరూ పిల్లల్ని చూడమనరు. ఒదెట్ మూలన కుర్చీలో కూచుని గోడ వైపు వీపు పెట్టి పిల్లల్నే చూస్తుంది. ఒళ్ళో నల్ల అట్ట నోటు పుస్తకం. తేదీ, ఎంతమంది పిల్లలు, ఎన్ని తలలు తిరిగాయి. సున్నా వస్తే ప్రకటన బయటికి వెళ్తుంది.

"పిల్లలకి చూపించకూడని దానికి పిల్లల మీదే పరీక్ష పెట్టే ఊరు ప్రపంచంలో ఇదొక్కటేనేమో, బాస్" అని ఎడిటింగు చూసే యానిక్ దూసె ఆమెని ఎప్పుడూ దెప్పేవాడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ మూల కుర్చీలో కూచున్నప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించేది. గది మధ్యలో ఎనిమిదిమంది పిల్లలు, తమ లోకంలో పూర్తిగా మునిగి ఉంటారు. వాళ్ళ వెనక గోడ మీద ఓ పసుపు రంగు చుక్క కాస్త వేగంగా కదిలితే చాలు, తలలు తిరిగిపోతాయి. ఎవరూ నేర్పలేదు. ఆ తలని తిప్పేది ఏమిటో ఆమె ఇరవై నాలుగేళ్ళుగా వెతుకుతూనే ఉంది, ఒక్కసారి కూడా ఇక తెలిసిపోయిందని అనుకోలేదు.

ఈ కథ నవంబరులోని అలాంటి ఒక శుక్రవారానిది.

ఆ రోజు ఫెర్నాన్ పెల్చా సముద్రపు ఒడ్డున ఉన్న మటాన్ ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చాడు. అరవై దాటిన మనిషి, వేళ్ళ సందుల్లో ఎన్నిసార్లు కడిగినా పోని కర్ర పొడి. నలుగురు పనివాళ్ళతో బొమ్మల కార్ఖానా నడుపుతాడు. వాళ్ళు చేసేదల్లా ఒక్కటే బొమ్మ: గోళీల మెట్లు. పైనుంచి కర్ర గోళీ వదిలితే పదకొండు మెట్లు దిగి, ఓ చిన్న కాలువలో జారి, అడుగున గంటని కొడుతుంది. ఇన్నాళ్ళూ ఊరి సంతల్లో అమ్మాడు. ఈ ఏడు మొదటిసారి టీవీలో చోటు తీసుకున్నాడు. సోమవారం నుంచి రాత్రి వార్తల మధ్యలో ముప్ఫై సెకన్లు. ప్రకటన శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా ఛానెల్‌కి చేరాలి. చేరకపోతే ఆ చోటు ఇంకెవరికో వెళ్తుంది, క్రిస్మస్ పండగలోపు మళ్ళీ దొరకదు.

స్క్రిప్టు ఒదెట్‌దే. ఎడమ పక్కన వంటింటి నేలమీద ఒక తండ్రి మోకాళ్ళు, మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే వడ్రంగి మట్టం, దిగే గోళీ, చివర ఆగిన చెయ్యి. కుడి పక్కన మొదట్లో రెండు వాక్యాలు, చివర ఒక వాక్యం, మధ్యలో పద్దెనిమిది సెకన్లకి రెండే మాటలు: సహజ శబ్దం. వకీలు చదివి బాగుందన్నాడు. ఛానెల్ వాళ్ళు అభ్యంతరం లేదన్నారు. పాట లేదు, పిల్లల గొంతు లేదు, కార్టూను చప్పుళ్ళు లేవు.

పదింటికి పిల్లలు చాప మీద చేరారు. ఎనిమిదిమంది. వాళ్ళలో ఎలీ ఉన్నాడు. ఆఫీసులో ఏడాది కిందటే చేరిన మోడ్ అర్సెనో కొడుకు, అయిదేళ్ళవాడు. మోడ్ ఇంట్లో టీవీ లేదు. వాడి కంట్లో ఏం పడుతుందోనని బస్సు మీద అంటించిన ప్రకటనల్ని కూడా చూసి దిగులుపడే మనిషి. పరీక్షకి ఒప్పుకునే కాగితం మూడుసార్లు చదివి, ఇది వాడికేమీ చెయ్యదు కదా అని ఒదెట్‌ని రెండుసార్లు అడిగి, అప్పుడు సంతకం పెట్టింది.

యానిక్ ప్రకటన నడిపించబోతూ ఎప్పటిలాగే శబ్దం కట్టేశాడు. ఆ గదిలో పరీక్ష ఎప్పుడూ మూగగానే జరుగుతుంది. ఎందుకో ఎవరూ అడగరు. ఫెర్నాన్ అడిగాడు.

"చప్పుడు లేకపోతే నా బొమ్మలో ఇంకేముంది, మదామ్?"

యానిక్ ఒదెట్ వైపు చూశాడు. ఒదెట్‌కీ తలుచుకుంటే గానీ గుర్తురాలేదు. ఒకప్పుడు ఆ గోడ అవతల రికార్డింగు గది ఉండేది. ఇక్కడ స్పీకరు వేస్తే అక్కడి పని పాడవుతుందని శబ్దం కట్టేసేవాళ్ళు. రికార్డింగు గది పై అంతస్తుకి మారి పదహారేళ్ళయింది. మారిన రోజునుంచి ఇవాళ్టిదాకా ఎవరికీ స్పీకరు వెయ్యాలని తోచలేదు. పాటలూ గొంతులూ వకీలు జాబితాలో చూసుకుంటాడు, చూపు సంగతి ఈ గది చూసుకుంటుంది, అంతే అనుకున్నారు. ఆమెకూ అంతే అనిపించింది.

"వెయ్యి" అంది యానిక్‌తో.

ఆమె మూల కుర్చీలో కూచుని నోటు పుస్తకం తెరిచింది. ఎలీ చెక్క దిమ్మలతో గోడ కడుతున్నాడు. ఇద్దరు పిల్లలు ఒకే ఎర్ర పెన్సిలు కోసం తగువులాడుకుంటున్నారు. గోడ మీద వంటిల్లు కనిపించింది. ఎవరూ చూడలేదు. మగ గొంతు రెండు వాక్యాలు చదివింది. ఎవరూ చూడలేదు. గోళీ బయల్దేరింది.

టక్.

టక్.

ఒదెట్ కలం పట్టుకుని ఉంది. మెట్టుమెట్టుకీ మధ్య ఎడం తగ్గుతోంది. టక్, టక్, టకటక. దిగుతున్నకొద్దీ గోళీ వేగం పెరుగుతుంది కాబట్టి ఎడం తగ్గాలి, అది ప్రకృతి లెక్క. ఎలీ చేతిలో దిమ్మ గాలిలో ఆగింది. తగువు ఆగింది. తర్వాత ఒక్కసారిగా ఏమీ వినిపించలేదు. కాలువలో గోళీ చప్పుడు లేకుండా జారుతోంది. ఆ నిశ్శబ్దంలో, గంట ఇంకా మోగకముందే, ఎనిమిది తలలూ తిరిగాయి.

తిరిగాక గంట మోగింది.

ఎనిమిదిమంది ఒకేసారి ఊపిరి వదిలారు. ఒక పిల్ల గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, గంట ఉన్నచోట వేలు పెట్టింది.

ఒదెట్ ఒళ్ళు జలదరించింది. ఆమె ఎన్నో తలలు తిరగడం చూసింది. రంగుకి తిరిగాయి, వేగానికి తిరిగాయి, ఒకసారి కుక్క తోకకి తిరిగాయి. కానీ ఏదో వచ్చినందుకు కాకుండా రావాల్సింది ఇంకా రానందుకు తలలు తిరగడం ఎప్పుడూ చూడలేదు. ఆ పిల్లలు లెక్కపెట్టలేదు. లెక్క వాళ్ళలోనే ఉంది. తగ్గుతున్న ఎడాల చివర ఒకటి మోగాలని వాళ్ళ చెవులకి ముందే తెలుసు.

నోటు పుస్తకంలో ఆమె రాసింది: ఎనిమిది. ఎనిమిది.

"తబర్నూష్" అన్నాడు యానిక్. పిల్లలున్నారని తిట్టుని సగంలోనే మార్చుకున్నాడు.

ఫెర్నాన్ ముఖం వెలిగిపోయింది. తలలు తిరగకూడదన్నదే పరీక్ష అని అతనికి తెలీదు. తన బొమ్మ గెలిచిందనుకున్నాడు. ఒదెట్ అతన్ని వంటగదిలోకి తీసుకెళ్ళి, కాఫీ పోసిచ్చి, సంగతి చెప్పింది. ఎనిమిదికి ఎనిమిది తిరిగాయంటే ఇది పిల్లల్ని పిలిచే ప్రకటన. వకీలు ఒప్పుకున్నా, ఛానెల్ ఒప్పుకున్నా, తను పంపదు. అతను కప్పు దించాడు.

ఆ నిశ్శబ్దం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు చెప్పాడు. మొదట్లో గంట మరీ గట్టిగా మోగేది. అతని భార్యకి తలనొప్పి జబ్బు. ఆమె కోసం కాలువ అడుగున దళసరి ఉన్నిగుడ్డ అంటించాడు. గంట మెత్తబడింది, కానీ ఇంకేదో అయింది. మనవరాలు మెట్ల ముందు కూచుని, గోళీ ఆ గుడ్డ మీదికి రాగానే ముందుకి వంగడం మొదలుపెట్టింది. ప్రతిసారీ. అప్పట్నించి పదిహేడేళ్ళుగా ప్రతి బొమ్మకీ తన చేత్తోనే ఆ గుడ్డ అంటిస్తున్నాడు.

"ఆ చప్పుడే నా బొమ్మ, మదామ్. అది తీసేస్తే అది ఎవరి బొమ్మైనా ఒకటే. అది తీసేసేటట్టయితే నా పేరు కూడా తీసేయండి."

"తీయకుండా పంపితే మీ ప్రకటన ప్రతి ఇంట్లోనూ పిల్లల్ని లేపుతుంది" అంది ఒదెట్. "వాళ్ళు నెలన్నర వాళ్ళమ్మ వెంట పడతారు. నేను పడ్డాను. నాకు తెలుసు."

యానిక్ ఓ దారి చెప్పాడు. శబ్దం సగానికి తగ్గిద్దాం. వార్తల వేళ ఎవరు వింటారు? సగానికి తగ్గించి, ఒక్క ఎలీ ఉన్న వైపు చిన్న స్పీకరులో వేశారు. వాడు ఆరో మెట్టుకే తల తిప్పాడు. పావు వంతుకి తగ్గించారు. గది అవతల ఉన్న మోడ్‌కి ఏమీ వినపడలేదు. వాడు మాత్రం చేతిలో దిమ్మ పట్టుకుని ఆగి, చెవి అటు పెట్టాడు. చప్పుడు చిన్నదయ్యేకొద్దీ వాడు ఇంకా జాగ్రత్తగా విన్నాడు.

ఇక చాలు అంది ఒదెట్. మోడ్ అప్పటికే లేచి నిలబడింది. ఆమె ముఖంలో భయం ఉంది, భయం కంటే పెద్దది కూడా ఏదో ఉంది.

"వాడు అంత బాగా వింటాడని నాకు తెలీదు" అంది మెల్లగా.

మధ్యాహ్నం రెండయింది. చాప మీద కమలాల తొక్కలు. ఎవరో తెచ్చిన బంగాళాదుంపల, మొక్కజొన్నల కూర పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఫెర్నాన్ కిటికీ దగ్గర కోటు వేసుకునే కూచున్నాడు. బస్సు ఆరింటికి. ఒదెట్ బల్ల మీద స్క్రిప్టు పరుచుకుంది. ఎడమ పక్కన మార్చాల్సింది ఏమీ లేదు. చూపులో తప్పు లేదు. తప్పు కుడి పక్కన, తను రాసిన ఆ రెండు మాటల్లో ఉంది. సహజ శబ్దం. ఇరవై నాలుగేళ్ళుగా తను కాగితాన్ని రెండుగా మడిచి సగాన్నే పరీక్షించింది. ఆ ప్రకటనల్లో ఎన్నింటిలో ఏ చప్పుళ్ళు ఎన్ని ఇళ్ళలో ఎన్ని తలల్ని తిప్పాయో ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు. ఆ ఆలోచన మీద ఎక్కువసేపు కూచోడానికి టైము లేదు.

ఆమె ఫెర్నాన్ వైపు చూసింది. అతను పక్కన నించున్న మోడ్‌కి ఏదో చెప్తున్నాడు. మోడ్ అడిగినట్టుంది, ఇంట్లో అది ఎలా వినిపిస్తుందని. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, సముద్రపు ఒడ్డు మనుషుల యాసలో, తొందర లేకుండా చెప్తున్నాడు. మీరు వంటింట్లో ఉంటారు, అవతల గదిలో గోళీ బయల్దేరుతుంది, మొదటి మూడు మెట్లూ తీరిగ్గా. మోడ్ నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె వింటున్నది అతని మాటల్ని కాదు. ఆమె కళ్ళు ఎక్కడో లేని గోళీ వెంట దిగుతున్నాయి.

వాళ్ళ కాళ్ళ దగ్గరే ఎలీ దిమ్మలు పేరుస్తున్నాడు. వాడు తల ఎత్తలేదు.

ఒదెట్ కుర్చీలోంచి లేవకుండానే కుడి పక్కన సహజ శబ్దం కొట్టేసింది. తర్వాత లేచి వెళ్ళి, "మిస్యూ పెల్చా, ఇప్పుడు మోడ్‌కి చెప్పిందే మళ్ళీ చెప్పండి. నిదానంగా. నేను రాసుకుంటాను" అంది.

"నేనేం చెప్పాను?"

"మీ గుడ్డ సంగతి. చప్పుడు ఉండాల్సిన చోట మీ మాట ఉంటుంది."

అతనికి అర్థం కాలేదు, కానీ చెప్పాడు. ఆమె రాసింది, కొట్టేసింది, సెకన్లు లెక్కపెట్టింది. మూడుంపావుకి పై అంతస్తు రికార్డింగు గదిలో ఫెర్నాన్‌ని మైకు ముందు నిలబెట్టారు. కోటు విప్పమంటే విప్పలేదు. మొదటిసారి గొంతు వణికింది. రెండోసారి చర్చిలో చదివినట్టు చదివాడు. ఒదెట్ తలుపు తీసి, మటాన్‌లో అన్నం వేళ పక్కింటాయనతో మాట్లాడుతున్నట్టు మాట్లాడమంది. "మా పక్కింటాయనకి చెవుడు" అన్నాడు. అయితే మోడ్‌ని చూసి చెప్పమంది. మోడ్ అద్దం అవతల నించుంది. మూడోసారి కుదిరింది.

వకీలుకి కొత్త మాటలు ఫోనులో చదివి వినిపించారు, సరేనన్నాడు. ఛానెల్ వాళ్ళకీ మార్చిన స్క్రిప్టు పంపారు, అరగంటలో ఒప్పుకుంటూ సమాధానం వచ్చింది. నాలుగున్నర. కిటికీల బయట చీకటి పడింది. కొందరు పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు, అయిదుగురు మిగిలారు. పని ముగించుకున్న తల్లిదండ్రులు బూట్లు తొడగడానికి వచ్చి గుమ్మంలో నించున్నారు. యానిక్ ఈసారి ఎవరూ చెప్పకుండానే స్పీకరు వేశాడు, పొద్దున్న వేసినంత గట్టిగా.

ఒదెట్ మూల కుర్చీలో కూచుంది.

గోడ మీద వంటిల్లు. మోకాళ్ళు, మట్టం, చెయ్యి. ఫెర్నాన్ గొంతు గదిలో నడిచింది.

"మీరు వంటింట్లో ఉంటారు. పక్క గదిలో గోళీ బయల్దేరుతుంది. పదకొండు మెట్లు. మొదటి మూడూ తీరిగ్గా దిగుతుంది. తర్వాత తొందర. ఆ తర్వాత ఏమీ వినపడదు. అక్కడ నేనో గుడ్డ అంటించాను. గిన్నె తోముతున్న మీ చెయ్యి ఆగుతుంది."

అక్కడ అతను ఆగాడు. మూడు సెకన్లు. గోడ మీద గోళీ చప్పుడు లేకుండా జారింది.

ఒదెట్ పిల్లల్ని చూస్తోంది. అయిదు తలలు, అయిదూ కిందికే. ఎలీ తను కడుతున్న దిమ్మల గోడ మీద ఇంకో దిమ్మ పెట్టాడు. ఓ పిల్ల తన బూటు తాడుని నోట్లో పెట్టుకుని ఆలోచిస్తోంది. వాళ్ళకి అది ఎవరో ముసలాయన మరెవరితోనో చెప్పుకుంటున్న కబురు. అయిదు సున్నా అని రాయబోతూ, ఆమె అలవాటు తప్పి కళ్ళెత్తింది.

గుమ్మంలో ఉన్న పెద్దవాళ్ళందరూ ఆగిపోయి ఉన్నారు. ఒకాయన చేతిలో చిన్న బూటు అలాగే ఉంది. మోడ్ ఊపిరి బిగబట్టి ఉంది. యానిక్ ఆ ముక్కని ఇరవైసార్లు కోసి అతికించినవాడే, తనూ వేలు గాలిలో పెట్టి ఉన్నాడు. గదిలో ఎక్కడా మోగని ఒక గంట కోసం తొమ్మిదిమంది పెద్దవాళ్ళు చెవులు రిక్కించి నించున్నారు. ఆమె చెవిలో కూడా అది ఉంది. గోళీ గుడ్డ మీద ఉంది. ఇంకా రాలేదు. ఇంకా రాలేదు.

"ఆ" అంది ఫెర్నాన్ గొంతు. "అదే గంట. నాలుగేళ్ళు నిండిన పిల్లలున్న ఇంటికి. మెట్టు విరిగితే ఉత్తరం రాయండి, కొత్తది చేసి పంపుతాను."

తొమ్మిదిమంది ఊపిరి వదిలారు.

ఆ ఊపిరికి ఎలీ తల ఎత్తాడు. గోడ వైపు కాదు, తల్లి వైపు. ఆ తర్వాత గుమ్మంలో ఉన్న ఒక్కొక్కళ్ళ ముఖం వరసగా చూశాడు.

"అమ్మా, మీరందరూ ఏం వింటున్నారు?"

మోడ్ వాడి తల మీద చెయ్యి వేసింది. యానిక్ ఒదెట్ వైపు తిరిగి, "బాస్, ఇది లెక్కలోకి వస్తుందా? తల తిరిగింది కదా" అన్నాడు.

ఒదెట్ ఎలీని చూసింది. వాడు సమాధానం కోసం ఇంకా చూస్తున్నాడు. చాప మీది అయిదుగురిలో వాడొక్కడే గదిలో ఏదో జరిగిందని కనిపెట్టాడు. గోడ మీద కాదు, పెద్దవాళ్ళలో.

"వాడు చూసింది వాళ్ళమ్మని" అంది. "దానికి ఏ చట్టమూ అడ్డు లేదు."

నోటు పుస్తకంలో సున్నా వేసి, పక్కన తొమ్మిది అని రాసింది. ఆ పుస్తకంలో పెద్దవాళ్ళని లెక్కపెట్టడం అదే మొదలు. అయిదుకి ఎనిమిది నిమిషాలుండగా యానిక్ ప్రకటన పంపించాడు.

ఫెర్నాన్ బస్సు కోసం టోపీ పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి, చాలాసేపట్నించి నోట్లో నానుతున్న మాట అడిగాడు. "చప్పుడు తీసేశారు కదా, మదామ్. మరి నాకెందుకు వినపడింది?"

"నాకూ తెలీదు" అంది ఒదెట్. అది నిజం. అతను తల ఊపాడు. ఆ జవాబు అతనికి నచ్చినట్టే ఉంది.

అందరూ వెళ్ళాక ఆమె బల్ల దగ్గర కూచుని పాత స్క్రిప్టుల అర తెరిచింది. వచ్చే వారం నుంచి ఒక్కొక్కటి తీసి, స్పీకరు వేసి, ముందు తనే వినాలి. ఇప్పటికీ ప్రసారమవుతున్నవి ఏడు. మొదటిది తీసి మడత విప్పింది. కుడి పక్కన, మధ్యలో, తన చేతిరాతలోనే రాసి ఉంది: చక్రాల చప్పుడు. ఆమె ఆ మాటని చాలాసేపు చూసింది. వినపడుతుందేమోనని.